x² + y² = 2027కి జవాబు లేదని ఒక్క లైన్లో ఎలా తేల్చారు?

నిశిరాత్రి
ఒక ప్రాక్టీస్ పేపర్లో ఈ ప్రశ్న ఉంది: x² + y² = 2027 అయ్యేలా x, y పూర్ణాంకాలు ఉన్నాయా? వెనక ఇచ్చిన జవాబు ఒక్క లైను. "2027ని 4తో భాగిస్తే శేషం 3, కాబట్టి లేవు." అంతే.

నేను కాలిక్యులేటర్ ముందు పెట్టుకుని x స్థానంలో 45 నుంచి 0 దాకా వరసగా వేస్తూ, 2027లోంచి x² తీసేసి, మిగిలింది వర్గ సంఖ్యేనా అని చూశాను. 45కి 2 మిగిలింది, 44కి 91, 43కి 178... ఒక్కటీ వర్గం కాలేదు. అంటే జవాబు నిజంగానే లేదు. కానీ ఇంత వెతుకులాట అక్కర్లేకుండా ఆ ఒక్క లైను ఎలా సరిపోయింది? వర్గ సంఖ్యని 4తో భాగిస్తే 0 గానీ 1 గానీ మాత్రమే శేషం వస్తుందట. 1, 4, 9, 16, 25, 36 వేసి చూస్తే 1, 0, 1, 0, 1, 0 వచ్చాయి. కొన్నిటికి సరిపోయిందని అన్నిటికీ సరిపోతుందని నమ్మేయడం నా వల్ల కావట్లేదు. అసలు 4 మాత్రమే ఎందుకు?

పెన్సిల్ముక్క
ఇందులో 4 దాకా పోవాల్సిన పనేముంది? వర్గ సంఖ్య చివర 2, 3, 7, 8 ఎప్పటికీ రావు. 2027 చివర 7 ఉంది. అయిపోయింది.

సరిబేసి
@పెన్సిల్ముక్క ప్రశ్న ఇంకోసారి చదవండి. 2027 వర్గ సంఖ్యా అని అడగలేదు, రెండు వర్గాల మొత్తమా అని అడిగారు. 17 చివర కూడా 7 ఉంది, అయినా 16 + 1 = 17.

పెన్సిల్ముక్క
ఓహ్, మొత్తమా. అయితే చివరి అంకెతో పని జరగదు, నిజమే.

గుణకం
నిశిరాత్రి గారు, నమ్మకపోవడమే సరైన పని. కారణం చూస్తే మళ్ళీ ఏ సంఖ్యనీ పరీక్షించక్కర్లేదు.

సరి సంఖ్య అంటే 2k. దాని వర్గం 4k². రెండు సార్లు గుణించాం, రెండు 2లు వచ్చాయి, 4 తయారైంది. శేషం 0. ఇందులో ఎవరికీ పేచీ ఉండదు.

బేసి సంఖ్య దగ్గరే అసలు సంగతి ఉంది. 2k + 1 వర్గం చేస్తే 4k² + 4k + 1. మధ్యలో ఉన్న ఆ 4k ఎలా వచ్చిందో గమనించండి. (a + b)² లో 2ab అని వస్తుంది కదా, అందులో ఒక 2 సూత్రంలోంచే వచ్చింది. రెండో 2 మన సరి భాగమైన 2k లోంచి వచ్చింది. రెండూ కలిసి 4 అయ్యాయి. 13 తీసుకోండి: 12 + 1. వర్గం 144 + 24 + 1. 144 నాలుగు గుణిజం, 24 నాలుగు గుణిజం, మిగిలింది ఆ ఒక్క 1. ఏ బేసి సంఖ్యకైనా ఇదే కథ.

ఇక మీ లెక్క. రెండు వర్గాలు కలిపితే శేషాలు 0 + 0, 0 + 1, 1 + 1. అంటే 0, 1, 2. మూడు రావడానికి దారే లేదు. 2027 శేషం తెలుసుకోడానికి పెద్ద భాగహారం కూడా వద్దు. 100 నాలుగు గుణిజం కాబట్టి చివరి రెండు అంకెలు చూస్తే చాలు. 27లో 24 పోతే 3. మీరు 45 దగ్గర మొదలుపెట్టక ముందే ఫలితం ఖాయమైపోయింది.

నిశిరాత్రి
2ab లో ఉన్న 2 అంటే ఇప్పుడు వెలిగింది. ఇన్నాళ్ళూ 4k² + 4k + 1 అని రాసుకుంటూ పోయానే తప్ప ఆ నాలుగు ఎక్కడిదో చూడలేదు.

కానీ "4 ఎందుకు" అన్నది ఇంకా మిగిలే ఉంది. 3తో చేస్తే? 5తో చేస్తే?

సరిబేసి
చేసి చూద్దాం. 3తో భాగిస్తే వర్గాల శేషాలు 0, 1. 2027 శేషం 2. 1 + 1 = 2 కుదిరిపోయింది, కాబట్టి 3 ఏమీ తేల్చలేదు. 5తో అయితే వర్గాల శేషాలు 0, 1, 4. 2027 శేషం మళ్ళీ 2, మళ్ళీ 1 + 1 సరిపోయింది. 7 కూడా వేశాను, అదీ అడ్డు పడలేదు.

ఏడోఎక్కం
11, 13 కూడా వేయండి, ఎక్కడో ఒకచోట దొరుకుతుంది.

గుణకం
దొరకదు. దానికి గట్టి కారణం ఉంది.

7 తీసుకోండి. ఏడు శేషాల్లో వర్గాలకి వచ్చేవి 0, 1, 2, 4. అంటే ఏడింటిలో నాలుగు, సగం కంటే ఎక్కువ. ఇప్పుడు మీకు ఏదో ఒక శేషం కావాలి, 6 అనుకుందాం. ఒక జాబితాలో వర్గాల శేషాలు రాయండి: 0, 1, 2, 4. ఇంకో జాబితాలో 6లోంచి వాటిని తీసేస్తే వచ్చేవి రాయండి: 6, 5, 4, 2. మొత్తం ఉన్నవి ఏడే శేషాలు, రెండు జాబితాల్లో కలిపి ఎనిమిది పేర్లు. కనీసం ఒకటి రెండింట్లోనూ ఉండి తీరాలి. ఇక్కడ 2, 4 ఉన్నాయి, 2 + 4 = 6. బేసి ప్రధాన సంఖ్య ఏది తీసుకున్నా వర్గాల శేషాలు సగం కంటే ఒక పిసరు ఎక్కువే ఉంటాయి కాబట్టి ఇదే జరుగుతుంది. రెండు వర్గాల మొత్తం ఏ శేషాన్నైనా అందుకుంటుంది.

నాలుగు దగ్గర మాత్రం నాలుగు శేషాల్లో రెండే వర్గాలవి, సరిగ్గా సగం. ఆ చిన్న లోటు వల్లే 3 ఖాళీగా మిగిలిపోయింది. ఈ రకం సమీకరణం చూడగానే చెయ్యి 4 మీదకి వెళ్ళడానికి కారణం ఇదే.

ఏడోఎక్కం
బాగుంది. అంటే శేషం 3 వస్తే జవాబు లేదు, శేషం 1 వస్తే జవాబు ఉన్నట్టే. 2029 శేషం 1, చూడండి: 45² + 2² = 2025 + 4 = 2029. 13 = 9 + 4, 29 = 25 + 4, 41 = 25 + 16. అన్నీ కుదిరాయి.

సరిబేసి
21 వేసి చూడండి.

ఏడోఎక్కం
21లో 16 పోతే 5. 9 పోతే 12. 4 పోతే 17. 1 పోతే 20. ఇదేంటి, శేషం 1 కదా?

గుణకం
మీ పరిశీలనలో సగం నిజం ఉంది, అది మామూలు నిజం కాదు. 13, 29, 41, 2029 అన్నీ ప్రధాన సంఖ్యలు. ప్రధాన సంఖ్యకి 4తో శేషం 1 వస్తే అది తప్పకుండా రెండు వర్గాల మొత్తం అవుతుంది. ఫెర్మా 1640లో మెర్సెన్‌కి రాసిన లేఖలో ఈ మాట చెప్పాడు, నిరూపణ ఇవ్వలేదు. నూరేళ్ళు దాటాక ఆయిలర్ నిరూపించాడు. కానీ 21 ప్రధాన సంఖ్య కాదు, 3 × 7.

21ని 4 పట్టుకోలేకపోయింది, 9 పట్టుకుంటుంది. 3తో వర్గాల శేషాలు 0, 1 మాత్రమే కాబట్టి x² + y² మూడు గుణిజం కావాలంటే రెండు శేషాలూ 0 కావాల్సిందే. అంటే x, y రెండూ మూడు గుణిజాలు. అప్పుడు x², y² రెండూ తొమ్మిది గుణిజాలు, మొత్తమూ తొమ్మిది గుణిజమే. 21ని తొమ్మిది భాగించదు. కాబట్టి జవాబు లేదు.

గుర్తుంచుకోవాల్సింది ఏంటంటే, శేషం కొట్టేయగలదు గానీ ఒప్పుకోలేదు. 4 దగ్గర పాసయితే "ఇంకా తేలలేదు" అని మాత్రమే అర్థం.

ఏడోఎక్కం
నేను "3 వస్తే లేదు" దగ్గరే ఆగి ఉంటే సరిపోయేది అంటారు :) కానీ ప్రధాన సంఖ్యల మాట నేను కనిపెట్టినట్టే లెక్క.

కోడుగూడు
నా సంగతి ఒకటి. పెద్ద సంఖ్యలు వర్గాలా కాదా అని లక్షల సార్లు చూడాల్సిన ప్రోగ్రాం రాశాను. ప్రతిదానికీ వర్గమూలం తీస్తుంటే నత్తనడకే. ముందు ఈ ఒక్క లైను పెట్టాను:

```
if ((n & 3) > 1) continue;
```

చివరి రెండు బిట్లు చూస్తే 4తో శేషం వచ్చేస్తుంది. 2, 3 వస్తే ఆ సంఖ్యని వదిలేయడమే. సగం సంఖ్యలు వర్గమూలం దాకా రాకుండానే పోయాయి. తర్వాత 16తో చూశాను. అక్కడ పదహారు శేషాల్లో వర్గాలకి వచ్చేవి 0, 1, 4, 9 నాలుగే. అంటే ముప్పావు వంతు పోతాయి.

ఒక ఇబ్బంది కూడా ఎదురైంది. x² - y² = 2026కి పూర్ణాంకాలు ఉన్నాయా అని చూద్దామని 0, 1 శేషాల్ని ఒకదాన్లోంచి ఒకటి తీసేసి, వచ్చినదానికి % 4 వేసి అన్నీ ప్రింట్ చేశాను. 0, 1, -1 అని వచ్చాయి. ఆ -1 ఏంటి? 2 కింద వస్తుందా, 3 కింద వస్తుందా?

సరిబేసి
అది 3. సీ భాషలో ఎడమవైపు రుణ సంఖ్య ఉంటే % గుర్తు రుణ శేషమే ఇస్తుంది, పైథాన్‌లో అయితే అదే లెక్కకి 3 వస్తుంది. 4 కలిపి చూడండి, -1 + 4 = 3. కాబట్టి రెండు వర్గాల తేడాకి శేషాలు 0, 1, 3. ఇక్కడ ఖాళీగా ఉండిపోయింది 2. 2026లో చివరి 26కి శేషం 2. మీ సమీకరణానికి పూర్ణాంకాల్లో జవాబు లేదు.

కోడుగూడు
అంటే మొత్తానికి 3 కుదరదు, తేడాకి 2 కుదరదు. కంఠతా పట్టేస్తా.

సరిబేసి
కంఠతా వద్దండీ. 0, 1 రెండే పెట్టుకుని అక్కడికక్కడే కలపండి, తీసేయండి. రేపు x² + 2y² వస్తే కంఠతా పట్టింది పనికిరాదు.

పెన్సిల్ముక్క
ఒక అనుమానం. పూర్ణాంకాలు అని ఎందుకు పట్టుబట్టాలి? భిన్నాలు వాడితే 2027 రాదా? 4తో శేషం అనేది భిన్నాలకి ఉండదు కదా, అప్పుడు మీ అడ్డుగోడ పడిపోయినట్టే.

నిశిరాత్రి
ఇది నేను అడగాల్సింది. నాకూ కావాలి.

గుణకం
మంచి ప్రశ్న. గోడ పడిపోలేదు, కానీ ఇంకో మెట్టు ఎక్కాలి.

రెండు భిన్నాలనీ ఒకే హారం మీదకి తెచ్చుకోండి, హారం z అనుకుందాం. అప్పుడు సమీకరణం x² + y² = 2027z² అవుతుంది, ఇందులో అన్నీ పూర్ణాంకాలే. ఇప్పుడు 4తో చూడండి. ఎడమవైపు శేషం 0, 1, 2లో ఒకటి. కుడివైపు z సరి అయితే 0, బేసి అయితే 3. రెండు వైపులా ఉమ్మడిగా ఉన్నది 0 ఒక్కటే.

ఎడమవైపు 0 రావాలంటే x, y రెండూ సరి కావాలి, ఎందుకంటే ఒకటి బేసి అయితే 1, రెండూ బేసి అయితే 2 వస్తుంది. కుడివైపు 0 రావాలంటే z సరి. అంటే మూడూ సరి సంఖ్యలే.

పెన్సిల్ముక్క
అయితే ఏమైంది? మూడూ సరి అయితే అవనివ్వండి. అందులో వైరుధ్యం ఏముంది? 0 అనే దారి తెరిచే ఉంది కదా.

గుణకం
ఆ దారిలో ముందుకి నడుద్దాం. మూడూ సరి కాబట్టి x = 2a, y = 2b, z = 2c అని రాయండి. 4a² + 4b² = 2027 × 4c². నాలుగు కొట్టేస్తే a² + b² = 2027c². అచ్చం అదే సమీకరణం. కాబట్టి అదే వాదన మళ్ళీ వర్తిస్తుంది, a, b, c కూడా మూడూ సరి. వాటి సగాలూ సరి. ఆ సగాల సగాలూ సరి.

z సున్నా కాదు, అది హారం. z = 96 అనుకోండి. 48, 24, 12, 6, 3. ఐదు మెట్లు దిగాక బేసి సంఖ్య వచ్చింది, వాదన ప్రకారం అది సరి కావాలి. z స్థానంలో ఎంత పెద్ద సంఖ్య పెట్టినా ఎక్కడో ఒకచోట ఇలా ఆగి తీరుతుంది. అంతు లేకుండా సగం చేయగలిగే ధన పూర్ణాంకం లేదు. వైరుధ్యం అక్కడ ఉంది.

కాబట్టి భిన్నాల్లోనూ లేదు. √2027 వ్యాసార్థంతో గీసిన వృత్తం మీద రెండు నిరూపకాలూ అకరణీయ సంఖ్యలైన బిందువు ఒక్కటి కూడా లేదు. గీత అంతా కలిసే ఉంటుంది, అలాంటి బిందువులన్నీ తప్పించుకుంటూ పోతుంది. నాకు ఇది ఎప్పుడు చూసినా అద్భుతంగానే ఉంటుంది.

నిశిరాత్రి
ముందు z = 1 పెట్టి మొదటి లెక్క, ఇప్పుడు z ఏదైనా. అదే 4 రెండూ చేసింది. ఈ దిగడం అనే పద్ధతికి పేరుందా?

సరిబేసి
ఫెర్మా వాడిన అనంత అవరోహణ ఇదే.

కోడుగూడు
అయితే నా x² - y² = 2026 కూడా భిన్నాల్లో కుదరదన్నమాట.

సరిబేసి
అక్కడ కుదురుతుంది. (x - y)(x + y) = 2026. మొదటిది 1, రెండోది 2026 అనుకుంటే x = 1013.5, y = 1012.5. గుణించి చూసుకోండి.

కోడుగూడు
కుదిరింది! ఒకచోట గోడ నిలబడింది, ఇంకోచోట ఎందుకు పడింది?

గుణకం
x² - y² = 2026z² అని రాసి అదే పని చేయండి. z సరి అయితే కుడివైపు శేషం 0. ఎడమవైపు 0 రావడానికి x, y రెండూ సరి కానక్కర్లేదు, రెండూ బేసి అయినా 1 - 1 = 0. మీ జవాబులో సరిగ్గా అదే జరిగింది: x = 2027, y = 2025, z = 2. "మూడూ సరి" అన్న మెట్టు దొరక్కపోతే దిగడం మొదలే కాదు. అవరోహణ వాడేటప్పుడు అందరూ జారేది ఇక్కడే. మొత్తానికి పనిచేసింది కదా అని తేడాకీ రాసేస్తారు.

పెన్సిల్ముక్క
మూడు వర్గాలైతే? x² + y² + z² = 2027. 1 + 1 + 1 = 3, కాబట్టి 4 ఏమీ అనదు.

సరిబేసి
జవాబు నిశిరాత్రి గారి మొదటి పోస్టులోనే ఉంది. 45 దగ్గర 2 మిగిలింది. 45² + 1² + 1².

ఏడోఎక్కం
అదే ఊపులో 2023 చూడండి, అదీ శేషం 3. మూడు వర్గాలతో నాకు రావట్లేదు.

గుణకం
రాదు. శేషం 3 అంటే మూడూ బేసి కావాలి. 4k² + 4k అంటే 4k(k + 1). పక్కపక్క సంఖ్యల్లో ఒకటి సరి కాబట్టి అది ఎనిమిది గుణిజం. అంటే బేసి వర్గానికి 8తో శేషం ఎప్పుడూ 1. మూడు కలిపితే 3. 2023కి 8తో శేషం 7. 2027కి 3. 4 ఆగిన చోట 8 పనికొచ్చింది.

ఏడోఎక్కం
అయితే ఈసారి జాగ్రత్తగా అంటున్నా. ఒక్క భాజకం పాసైతే చాలదు, ఒప్పుకున్నా. కానీ 4, 8, 9, 5, 7... ఉన్న అన్ని భాజకాల దగ్గరా పాసైతే మాత్రం పూర్ణాంకాల్లో జవాబు ఉండాల్సిందే కదా? ఇంకేం అడ్డుంటుంది?

గుణకం
x² - 34y² = -1.

x = 1, y = 1 పెట్టండి. ఎడమవైపు -33. -1కీ దానికీ తేడా 32. కాబట్టి 4, 8, 16, 32 ఏవీ దీన్ని కొట్టేయలేవు. ఇంకా ఉంది. 5² - 34 = -9, అంటే x = 5/3, y = 1/3 భిన్నాల్లో అసలు జవాబే. 3² - 34 = -25, అంటే 3/5, 1/5 ఇంకో జవాబు. భాజకం మూడు గుణిజం కాకపోతే మొదటిదాన్ని శేషాల్లోకి మార్చుకోవచ్చు, ఐదు గుణిజం కాకపోతే రెండోదాన్ని. రెండూ ఉంటే 3 ఘాతం ఉన్న భాగానికి ఒకటి, మిగతాదానికి ఇంకోటి వాడి కలుపుకోవచ్చు. ఏ భాజకమూ దీన్ని ఆపలేదు. అయినా పూర్ణాంకాల్లో జవాబు లేదు.

కోడుగూడు
ప్రోగ్రాం పెట్టాను, y పది లక్షల దాకా వెళ్ళింది, ఏమీ లేదు.

ఏడోఎక్కం
పది లక్షల తర్వాత ఉండొచ్చుగా. శేషాలతో తేలదంటున్నారు, వెతికితే అంతు లేదు. మరి లేదని ఎలా చెప్తున్నారు?

గుణకం
35² - 34 × 6² = 1. ధన 1కి అతి చిన్న జవాబు ఇది. రుణ 1కి x, y అనే జవాబు ఉంటే, అందులో అతి చిన్నదాన్ని తీసుకుంటే x² + 34y² సరిగ్గా 35 కావాలి. y = 1 అయితే x = 1, కానీ 1 - 34 అంటే -33. పొసగలేదు.

ఏడోఎక్కం
"సరిగ్గా 35 కావాలి" అన్నది ఎక్కడ్నుంచి వచ్చింది? ఇంకా పెద్ద జవాబు ఏదైనా అవ్వొచ్చు కదా. ఆ ముక్క నిరూపిస్తే తప్ప ఒప్పుకోను.

సరిబేసి
దానికి x² - 34y² = 1 జవాబులన్నీ 35, 6 లోంచే పుడతాయని చూపాలి. రాత్రికి కూర్చుని రాస్తాను, దారం మూయకండి.